పెట్టెలో కనిపించే తేదీ వేరు, సర్వర్‌కు చేరే తేదీ వేరు

వెబ్ ఫారంలో పుట్టిన తేదీ అడిగే పెట్టెను ఇలా రాస్తారు:

```html
<input type="date" name="dob" value="1998-08-05">
```

ఇదే పేజీ డాలస్‌లో ఒకరి కంప్యూటర్‌లో 08/05/1998 అని, హైదరాబాద్‌లో ఇంకొకరి కంప్యూటర్‌లో 05/08/1998 అని కనిపించవచ్చు. రెండూ ఆగస్టు 5వ తేదీలే. ఏ వరసలో చూపాలన్నది బ్రౌజర్ ఇష్టం. అది చూసేది ఊరిని కాదు, బ్రౌజర్‌లోనో ఆపరేటింగ్ సిస్టమ్‌లోనో ఉన్న భాష, ప్రాంతం సెట్టింగులను. అందుకే హైదరాబాద్‌లో కూర్చున్నా, అమెరికన్ ఇంగ్లిష్ పెట్టుకున్న క్రోమ్ నెలనే ముందు చూపుతుంది.

సబ్మిట్ నొక్కినప్పుడు మాత్రం ఇద్దరి దగ్గర నుంచీ సర్వర్‌కు వెళ్లేది ఒకటే: `dob=1998-08-05`. ముందు నాలుగంకెల సంవత్సరం, తర్వాత నెల, చివర రోజు. నెలకూ రోజుకూ రెండేసి అంకెలు తప్పనిసరి. అక్షరాలుగా పోల్చినా పాత తేదీ ముందు, కొత్త తేదీ వెనక వచ్చే సౌలభ్యం కూడా ఈ వరసకు ఉంది. తేదీ సగమే నింపితే సగం తేదీ రాదు, విలువ ఖాళీగా ఉంటుంది.

పెట్టెను ముందే నింపి చూపాలన్నా ఇదే రూపం ఇవ్వాలి. డేటాబేస్ నుంచి తెచ్చిన 05/08/1998ని అలాగే `value`లో పెడితే పెట్టె ఖాళీగా కనిపిస్తుంది. క్రోమ్ అయితే తేదీ `yyyy-MM-dd` రూపంలో లేదని కన్సోల్‌లో హెచ్చరిస్తుంది. పెట్టె ఎందుకు ఖాళీగా ఉందో తెలియక తల పట్టుకున్నవారు ముందు చూడాల్సింది అక్కడే.

అసలు చిక్కు వేరేచోట ఉంది. వచ్చిన విలువను జావాస్క్రిప్ట్‌లో `new Date("1998-08-05")` అని మారిస్తే, అది ఆ రోజు యూటీసీ ప్రకారం అర్ధరాత్రి సున్నా గంటలుగా లెక్కలోకి వస్తుంది. హైదరాబాద్‌లో అప్పుడు ఆగస్టు 5 ఉదయం 5:30. డాలస్‌లో ఇంకా ఆగస్టు 4 రాత్రి 7 గంటలు. స్థానిక సమయంలో `getDate()` అడిగితే ఇక్కడ 5 అని, అక్కడ 4 అని జవాబు వస్తుంది. ఇక్కడ కూర్చుని ప్రోగ్రాం రాసినవారు ఎన్నిసార్లు పరీక్షించినా ఈ తప్పు బయటపడదు. అమెరికాలోని వాడుకరి పుట్టినరోజు మాత్రం ఒక రోజు వెనక్కి జరుగుతుంది. కంప్యూటర్ టైమ్ జోన్‌ను అమెరికాకు మార్చి చూస్తే వెంటనే దొరుకుతుంది. పుట్టిన తేదీకి గంటలతో పనే లేదు కాబట్టి, దాన్ని అక్షరాలుగానే ఉంచి, అవసరమైనప్పుడు గీతల దగ్గర విడగొట్టుకోవడం మేలు.

ఈ రకం పెట్టె తెలియని పాత బ్రౌజర్లలో అది మామూలు టెక్స్ట్ పెట్టెగా మారిపోతుంది. అప్పుడు మనిషి ఏది టైప్ చేస్తే సర్వర్‌కు అదే చేరుతుంది. కాబట్టి వచ్చిన తేదీ రూపాన్ని సర్వర్ మరోసారి సరిచూసుకోవాల్సిందే.