‘అస్సలు లేదు’ అంటే సున్నానా, మూడా?

హాస్టల్లో ఫస్టియర్ వాళ్లతో మాట్లాడి, ఎవరైనా బాగా కుంగిపోయి ఉంటే కౌన్సిలర్ దగ్గరికి పంపే స్టూడెంట్ వాలంటీర్ల ట్రైనింగ్‌కి ఈ సెమిస్టర్ నేనూ వెళ్తున్నా. సీఎస్ఈ వాణ్ణి కదా, ఫామ్ తయారుచేసే పని నా నెత్తిన పడింది. గత రెండు వారాల గురించి నాలుగు ప్రశ్నలు పెట్టాను. నిద్ర పట్టక ఇబ్బంది పడ్డాను, చిన్న విషయానికే ఏడుపో కోపమో వచ్చింది, పాఠం మీద మనసు పెట్టడం కష్టమైంది, ఏ పని మీదా ఆసక్తి లేదు. ఒక్కోదానికి నాలుగు జవాబులు: అస్సలు లేదు (0), కొన్ని రోజులు (1), సగం కంటే ఎక్కువ రోజులు (2), దాదాపు ప్రతిరోజూ (3). మొత్తం 9 గానీ అంతకంటే ఎక్కువ గానీ వస్తే వాలంటీర్ వెళ్లి మాట్లాడాలి. ఇదీ మా ప్లాన్.

ముందుగా నా రూమ్మేట్‌కి ఇచ్చాను. వాడు అప్పటికి రెండు వారాలుగా మెస్‌కి కూడా సరిగా రావట్లేదు. అయినా నాలుగో ప్రశ్నకి సున్నా వచ్చింది. “అదేంట్రా, నీకు అన్నిటి మీదా ఆసక్తి ఉన్నట్టు పెట్టావు?” అన్నాను. వాడు నన్ను వింతగా చూశాడు. “ఆసక్తి అస్సలు లేదు అనే కదా పెట్టాను!”

తప్పు వాడిది కాదు. “ఆసక్తి లేదు” అనే వాక్యం కింద “అస్సలు లేదు” అని ఉంటే తెలుగులో ఎవరైనా రెండూ కలిపే చదువుతారు. ఇంగ్లీషులో ‘నాట్ ఎట్ ఆల్’ అన్నది సమస్య లేదని చెప్పే జవాబు. దాన్ని నేను అలాగే తెలుగులోకి దించేశాను. ఇంగ్లీష్ మీడియం బుర్రకి ఆ తేడా తట్టలేదు. ఎక్కువ బాధలో ఉన్నవాడికే తక్కువ మార్కు పడింది.

మా కౌన్సిలర్ మేడం ఇది విని, “ప్రశ్నావళిని నమ్మాలా వద్దా అని తేల్చడానికి రెండు వేర్వేరు విషయాలు చూడాలి, మీరు రెండూ ఒకటే అనుకుంటున్నారు” అన్నారు. మొదటిది రిలయబిలిటీ, రెండోది వాలిడిటీ. తెలుగు పాఠ్యపుస్తకాల్లో వీటిని విశ్వసనీయత, సప్రమాణత అంటారు. కొలత నిలకడగా ఉందా అన్నది మొదటి ప్రశ్న. ఆ అంకెని చూసి మనం తీసుకునే నిర్ణయం సరైనదేనా అన్నది రెండోది.

నిలకడని లెక్కేయడం

ఒకే విషయాన్ని కొలిచే ప్రశ్నలైతే వాటి జవాబులు కలిసి పెరగాలి, కలిసి తగ్గాలి. ఇది ఎంతవరకు జరుగుతోందో చెప్పే అంకెల్లో ఎక్కువగా వాడేది క్రాన్‌బాక్ ఆల్ఫా. లీ క్రాన్‌బాక్ 1951లో రాసిన వ్యాసం వల్ల దానికి ఆ పేరు వచ్చింది. లెక్క వెనక ఆలోచన తేలికే. ఒక్కో ప్రశ్నలో జవాబులు మనిషికీ మనిషికీ ఎంత మారుతున్నాయో చూసి (దీన్నే వేరియన్స్ అంటారు) అన్నీ కూడాలి. తర్వాత మొత్తం స్కోర్ల వేరియన్స్ చూడాలి. ప్రశ్నలు ఒకదానికొకటి తోడుగా నడిస్తే మొత్తం వేరియన్స్ ఆ కూడిక కంటే చాలా పెద్దదవుతుంది, ఆల్ఫా 1 వైపు వెళ్తుంది. ఎవరి దారి వారిదైతే సున్నా దగ్గర ఉంటుంది.

కింద ఆరుగురివి ఊహించి వేసిన జవాబులు. ఒక్కో బ్రాకెట్ ఒక్కో మనిషి. చివరి ఇద్దరూ నా రూమ్మేట్ లాగే నాలుగో ప్రశ్నని చదివారనుకోండి.

```python
import numpy as np
x = np.array([[0,0,1,0],[1,0,1,1],[1,1,1,1],
              [2,2,1,2],[2,3,3,0],[3,3,2,0]])
k = x.shape[1]
a = k/(k-1) * (1 - x.var(0, ddof=1).sum()
               / x.sum(1).var(ddof=1))
print(round(a, 2))
```

జవాబు 0.65. నాలుగో ప్రశ్న తీసేసి మళ్లీ లెక్కేస్తే 0.89. ఒక్కో ప్రశ్ననీ పక్కన పెట్టి చూసే ఈ పద్ధతితో దొంగ ఎవరో దొరికిపోతాడు. ఆరుగురితో వచ్చిన ఆల్ఫాని నిజంగా నమ్మకూడదు, లెక్క ఎలా నడుస్తుందో చూడ్డానికే ఇది. కానీ ఆ చివరి ఇద్దరి మొత్తాలు చూడండి: ఇద్దరివీ 8. మా గీత 9. అంటే అందరికంటే ఎక్కువ ఇబ్బందిలో ఉన్న ఇద్దరి దగ్గరికీ ఏ వాలంటీరూ వెళ్లడు.

తీసేస్తే సరిపోతుందా?

నేను వెంటనే నాలుగో ప్రశ్న తీసేద్దామన్నాను. ఆల్ఫా పెరుగుతుంది కదా! మేడం ఒప్పుకోలేదు. దేనిమీదా ఆసక్తి లేకపోవడం డిప్రెషన్‌లో ముఖ్యమైన లక్షణం. అది లేని ఫామ్ నిలకడగా ఉంటుంది గానీ కొలవాల్సిన దాంట్లో పెద్ద ముక్కని వదిలేస్తుంది. ప్రశ్నలన్నీ కలిసి ఆ విషయం మొత్తాన్ని కవర్ చేస్తున్నాయా అని చూడటం వాలిడిటీలో ఒక భాగం. రిలయబిలిటీ పెంచబోయి వాలిడిటీని పోగొట్టుకోవడం అంటే ఇదే.

ఆల్ఫాని పెంచడానికి ఇంకో రెండు దొంగదారులున్నాయి. ఒకటి, ఒకే ప్రశ్నని తిప్పి తిప్పి అడగడం. నిద్ర పట్టలేదు, రాత్రంతా మెలకువగా ఉన్నాను, పడుకున్నా నిద్ర రాలేదు అని మూడు పెడితే ఆల్ఫా బ్రహ్మాండంగా వస్తుంది. అప్పుడు మనం కొలిచింది నిద్రని, మనసుని కాదు. రెండోది, ప్రశ్నల సంఖ్య పెంచడం. ప్రశ్నల మధ్య సంబంధం సగటున 0.3 మాత్రమే ఉన్నా, 5 ప్రశ్నలకి ఆల్ఫా దాదాపు 0.68 వస్తే 20 ప్రశ్నలకి 0.90 వస్తుంది. ప్రశ్నలు మెరుగైపోలేదు, ఎక్కువయ్యాయి అంతే. అందుకే ఎవరైనా “మా ప్రశ్నావళి ఆల్ఫా 0.9” అంటే ముందు ప్రశ్నలు ఎన్నో అడిగి, వాటిని ఒకసారి చదవాలి.

చివరికి మేం ప్రశ్ననే మార్చాం. “ఏ పని చేయాలన్నా విసుగ్గా అనిపించింది” అని రాసి, మొదటి జవాబుని “ఒక్క రోజు కూడా అనిపించలేదు” అని పెట్టాం. పై లెక్కలో చివరి ఇద్దరికీ ఆ ప్రశ్నకి 3 వేస్తే ఆల్ఫా 0.95 అవుతుంది, వాళ్ల మొత్తాలు 11కి చేరతాయి.

ఇక్కడ ఒక విషయం గుర్తుపెట్టుకోవాలి. అనువాదాన్ని మళ్లీ ఇంగ్లీషులోకి మార్చి సరిచూసే పద్ధతి ఒకటుంది. దానికి మా పాత ప్రశ్న దొరికి ఉండేది కాదు, ఎందుకంటే ప్రశ్ననీ జవాబునీ విడివిడిగా చూస్తే రెండు అనువాదాలూ సరైనవే. నలుగురైదుగురిని కూర్చోబెట్టి “ఇది ఎందుకు టిక్ చేశావో పైకి చెప్పు” అంటేనే అది బయటపడుతుంది.

8కీ 10కీ తేడా ఉందా?

ప్రశ్నలు ఒకదానితో ఒకటి కలవడం ఒక రకం నిలకడ. ఇవాళ వచ్చిన స్కోరే కొద్ది రోజుల తర్వాత కూడా వస్తుందా అన్నది ఇంకో రకం. ఒకే గుంపుకి రెండుసార్లు ఇచ్చి ఆ రెండు స్కోర్ల సంబంధం చూస్తారు. మధ్యలో ఎక్కువ రోజులు వదిలితే మనిషే మారిపోతాడు, మరీ తక్కువైతే పాత జవాబులు గుర్తుంటాయి. ఇంటర్నల్స్ ముందు ఒకసారి, అయిపోయాక ఒకసారి ఇస్తే స్కోరు మారడం ఫామ్ తప్పు కాదు.

ట్రైనీలకి ఈ సంబంధం అంకె కంటే దానితో వచ్చే పొరపాటు పరిమాణం ఎక్కువ పనికొస్తుంది. స్కోర్ల స్టాండర్డ్ డీవియేషన్‌ని, ఒకటిలోంచి రిలయబిలిటీ తీసేసిన దాని వర్గమూలంతో గుణించాలి. డీవియేషన్ 5, రిలయబిలిటీ 0.84 అనుకుంటే 5 × √0.16, అంటే 2. ఒక మనిషి స్కోరు ఊరికే అటూ ఇటూ 2 కదలడం మామూలే, 4 వరకూ కదిలినా ఆశ్చర్యపోనక్కర్లేదు. కాబట్టి 8 వచ్చినవాడు క్షేమం, 10 వచ్చినవాడు ప్రమాదం అని గీత గీసేస్తే మనం చాలాసార్లు గాలివాటాన్ని కొలుస్తున్నట్టే.

మంచి పరీక్ష కూడా ఎక్కడ వాడుతున్నామన్నదాన్ని బట్టే

సొంత ఫామ్ మానేసి, అందరూ వాడే పీహెచ్‌క్యూ-9 తీసుకుంటే? 9 ప్రశ్నలు, ఒక్కోటి 0 నుంచి 3, మొత్తం 27. దాన్ని తయారుచేసినవాళ్లు 2001లో ప్రచురించిన అధ్యయనంలో, నిపుణులు విడిగా చేసిన ఇంటర్వ్యూలతో పోల్చి చూశారు. 10ని గీతగా పెడితే, డిప్రెషన్ ఉన్నవాళ్లలో 88 శాతాన్ని పట్టుకుంది, లేనివాళ్లలో 88 శాతాన్ని సరిగ్గా వదిలేసింది. ఫామ్‌తో సంబంధం లేని బయటి సాక్ష్యంతో సరిచూడటం వాలిడిటీకి గట్టి పరీక్ష.

కానీ ఆ అధ్యయనం అమెరికాలో డాక్టర్ల దగ్గరికి వచ్చిన రోగుల మీద జరిగింది. అదే 88 శాతాలు మనకీ వర్తిస్తాయనుకుని హాస్టల్లో 100 మందికి ఇద్దాం. వాళ్లలో నిజంగా డిప్రెషన్ ఉన్నవాళ్లు 10 మంది అనుకోండి. దాదాపు 9 మంది దొరుకుతారు. మిగతా 90 మందిలో 12 శాతం, అంటే దాదాపు 11 మంది, ఏమీ లేకపోయినా గీత దాటుతారు. గీత దాటిన 20 మందిలో సగం కంటే తక్కువమందికే డిప్రెషన్ ఉంది. అదే ఫామ్‌ని, 100లో 50 మందికి డిప్రెషన్ ఉన్న క్లినిక్‌లో ఇస్తే 44 మంది నిజమైనవాళ్లు, 6 మంది కానివాళ్లు దొరుకుతారు. కాగితం మారలేదు, అంకె అర్థం మారింది. అందుకే ‘ఇది వాలిడ్ టెస్ట్’ అని ఊరికే అనకూడదు. ఎవరికి, ఏ భాషలో, ఏ నిర్ణయం కోసం అని కలిపి చెప్పాలి. గీత దాటితే ‘వెళ్లి మాట్లాడదాం’ అన్న నిర్ణయానికి ఈ పొరపాట్లు ఫర్వాలేదు. ‘నీకు డిప్రెషన్ ఉంది’ అని చెప్పడానికి మాత్రం అస్సలు పనికిరావు.

మొత్తం అంకె దాచేసేవీ ఉంటాయి. పీహెచ్‌క్యూలో తొమ్మిదో ప్రశ్న చచ్చిపోతే బాగుండు అనో, తనని తాను గాయపరచుకోవాలనో వచ్చే ఆలోచనల గురించి. మిగతా అన్నిటికీ సున్నా వేసి దీనికి ఒక్కటి వేసినా మొత్తం 1 మాత్రమే. అక్కడ ఆల్ఫా, గీత ఏవీ చూడకుండా ఆ రోజే ఆ మనిషితో మాట్లాడి కౌన్సిలర్‌కి చెప్పాలని మాకు నేర్పారు.

ఇప్పుడు ఏ ప్రశ్నావళి చేతికొచ్చినా నేను ముందు ప్రశ్నలు, జవాబులు కలిపి పైకి చదువుతా. తర్వాత ఆల్ఫా ఎంత, ఎన్ని ప్రశ్నలకి అని చూస్తా. స్కోరు ఎంతవరకు ఊగొచ్చో, దేనితో పోల్చి, ఎవరి మీద సరిచూశారో వెతుకుతా.

నా రూమ్మేట్‌కి మార్చిన ఫామ్ ఇచ్చాను. ఈసారి 11 వచ్చింది. వాణ్ణి మేడం దగ్గరికి తీసుకెళ్లాను. నిజానికి ఆ పని మొదటి రోజే చేయాల్సింది. వాడు మెస్‌కి రావట్లేదని నాకు ఫామ్ కంటే ముందే తెలుసు.