దాణా బస్తాపై సంఘం ఖర్చు: ఏటా ఒకసారి లెక్క చూడండి

కాచిగూడలో బూత్‌లో అమ్మే విజయ పాల ప్యాకెట్టు ధరను గ్రామసంఘం నిర్ణయించదు. అది సమాఖ్య పని. కాని దాణా బస్తాపై సంఘం వేసుకునే ఖర్చు, ఊళ్లో చిల్లరగా అమ్మే పాల ధర, పశువైద్య రుసుము వంటివి పాలకవర్గం చేతిలోనివే. మేము లెక్కలు తనిఖీ చేసేటప్పుడు వీటిని ఏళ్ల తరబడి తాకని సంఘాలు కనిపిస్తూనే వున్నవి.

దాణా సంగతే చూద్దాము. ఒక సంఘం కొన్న ధరపై బస్తాకు 20 రూపాయలు వేసుకుంటున్నదనుకుందాము. అందులో లారీ కిరాయి 10, హమాలీ 6, గోదాము ఊడ్పు, దీపం, రశీదు పుస్తకాలకు 4. మార్చి నెలలో కార్యదర్శి ఆ ఏటి బిల్లులు ముందుంచుకోవాలి. కిరాయి 11, హమాలీ 7.50 అయినవి. ఈ రెంటికీ బిల్లులున్నవి కాబట్టి వాటినే తీసుకోవాలి. బిల్లు దొరకని చిన్న ఖర్చులకు మాత్రమే వ్యవసాయ కార్మికుల ధరల సూచీ వాడాలి. సూచీ 1200 నుండి 1260 అయితే పెరిగింది 60 పాయింట్లు, శాతంలో 5 మాత్రమే. ఇక్కడే చాలామంది పొరబడతారు. ఆధార సంవత్సరం మారిన సూచీని పాతదానితో నేరుగా పోల్చరాదు.

ఆ ప్రకారం 4 రూపాయలు 4.20 అయినవి. మొత్తం 22.70. అర్ధరూపాయికి సరిచేసి 22.50 వసూలు చేసినా, పుస్తకంలో 22.70 అనే రాసుకోవాలి. మరుసటి ఏడు లెక్క అక్కడినుండే మొదలు కావాలి. అలాకాక మొత్తం 20 పైన 5 శాతం వేస్తే 21 రూపాయలే వచ్చును. 600 బస్తాలకు 1,020 రూపాయలు సంఘానికి లోటు.

బస్తా కొనుగోలు ధర మారితే ఏడాది ఆగనక్కరలేదు; కొత్త సరుకు వచ్చిననాడే మార్చవలెను. కిరాయి తగ్గితే మన ఖర్చును కూడా తగ్గించవలెను. తగ్గించిన ఏడు వున్నప్పుడే, పెంచిన ఏడు సభ్యులు నమ్ముతారు.

ఏప్రిల్ మొదటి సమావేశంలో పాలకవర్గం తీర్మానించి, పాత లెక్క, కొత్త లెక్క పక్కపక్కన నోటీసు బోర్డుపై పెట్టి, మే 1 నుండి అమలు జరపవచ్చును. మార్పు లేకపోయినా "చూచితిమి, మార్పు లేదు" అని మినిట్స్‌లో రాయాలి. మూడేళ్లు వదిలేస్తే ఏటా 5 శాతమే అయినా ఒక్కసారిగా దాదాపు 16 శాతం పెంచవలసి వచ్చును. అప్పుడు సర్వసభ్య సమావేశంలో గొడవ తప్పదు.

సభ్యులు కూడా ఒకటి గమనించగలరు. అమ్మిన బస్తాలు అంతే వుండి, దాణా వర్తక ఖాతాలో మిగులు ఏటేటా తగ్గుతూంటే, ముందుగా అడగవలసిన ప్రశ్న ఇది: ఈ ఖర్చును చివరిసారి ఏ తేదీన చూచారు?