పీసీ మీద ఉన్న తేదీయే రెజ్యూమే మీద

ఆ అబ్బాయి నా టేబుల్ మీద పెట్టిన రెజ్యూమేలో డిగ్రీ గురించి ఒకే వరస ఉంది: బీటెక్, ఈసీఈ, 2019–2023, 60.5 శాతం. పక్కనే ప్లాస్టిక్ ఫోల్డర్‌లో ప్రొవిజనల్ సర్టిఫికెట్, అంటే పిల్లలంతా పీసీ అనే కాగితం. అందులో చివరి పరీక్ష జనవరి 2024 అని ఉంది. దాని కింద కన్సాలిడేటెడ్ మెమో. అందులో సీజీపీఏ 6.48.

"అబద్ధం రాయాలని కాదు సార్. మా బ్యాచ్ ఇరవై మూడు. ఫ్రెండ్స్ అందరూ అలాగే పెట్టారు, నేనూ పెట్టాను" అన్నాడు.

అతని మాట నమ్మాను. ఇంజినీరింగ్ కాలేజీ ప్లేస్‌మెంట్ సెల్‌లో పనిచేసేవాళ్లకి ఈ రకం రెజ్యూమేలు ప్రతి ఏడాదీ కనిపిస్తాయి. మోసం చేద్దామని రాసేవాళ్లు చాలా తక్కువ. ఎక్కువమంది సిగ్గుతోనో, తెలియకో, సీనియర్ ఇచ్చిన ఫార్మాట్‌లో పేరు మార్చుకుని వాడటం వల్లో ఇక్కడికి వస్తారు. కానీ కంపెనీ దగ్గరికి వెళ్లేది మనసులో ఉన్న ఉద్దేశం కాదు, కాగితం మీది తేదీ. ఆ తేదీ తప్పయితే ఉద్యోగంలో చేరాక కూడా బయటపడుతుంది.

ఇతని కథ మామూలుదే. 2019లో చేరాడు. 1-2 సెమిస్టర్ లాక్‌డౌన్‌లో పడింది, ఎం-2 పోయింది. తర్వాత ఈఎమ్‌టీఎల్ పోయింది. ఈసీఈ పిల్లల్ని అడగండి, ఆ సబ్జెక్ట్ పేరు చెబితే చాలు. సప్లీ రాస్తూ వచ్చాడు. నాలుగో ఏడాది అయిపోయి తోటివాళ్లు పీసీలు తీసుకుంటుంటే ఇతనికి రెండు సబ్జెక్టులు మిగిలాయి. 2024 జనవరిలో రెండూ రాశాడు. ఫలితాలొచ్చాయి, రెండింట్లోనూ సి గ్రేడ్‌తో బయటపడ్డాడు.

క్లాసులు ఎప్పుడు అయిపోయాయన్నది ఒక తేదీ. చివరి సబ్జెక్ట్ ఏ పరీక్షలో పాసయ్యాడన్నది ఇంకో తేదీ. అన్నీ మొదటిసారే పాసైనవాడికి ఈ రెండూ ఒకటే కాబట్టి తేడా ఎప్పుడూ తెలియదు. సప్లీ రాసినవాడికి అవి విడిపోతాయి. అప్లికేషన్ ఫారంలో 'పాసైన సంవత్సరం' అని అడిగినప్పుడు వాళ్లకు కావలసింది రెండోది, అంటే పీసీ మీద ఉన్నది. ఇతను రాయాల్సింది 2024.

అలాగని కోర్సు కాలాన్ని దాచాల్సిన పని లేదు. రెండూ రాయొచ్చు, రాస్తేనే చదివేవాళ్లకు స్పష్టంగా ఉంటుంది. అతని చేత ఇలా మార్పించాను, రెజ్యూమే ఇంగ్లిష్‌లోనే అయినా సారం ఇది: బీటెక్, ఈసీఈ. కోర్సు 2019–2023. డిగ్రీ పూర్తి: జనవరి 2024. సీజీపీఏ 6.48. సప్లీ అన్న మాటే లేదు, క్షమాపణ లేదు. ఆ రెండు తేదీలు చూసిన ఎవరికైనా ఏం జరిగిందో అర్థమవుతుంది. రెజ్యూమేలో పోయిన సబ్జెక్టుల జాబితా ఎవరూ అడగరు. క్లియర్ అయిపోయిన బ్యాక్‌లాగ్‌లను అక్కడ లెక్కపెట్టి రాయాలన్న నియమం లేదు. అక్కడ ఉన్న ప్రతి మాటా మెమోతో సరిపోతే చాలు.

డిటైన్ అయినవాళ్ల సంగతి కొంచెం వేరు. హాజరు చాలక, లేదా క్రెడిట్లు చాలక ఏడాది వెనక్కి వెళ్లినవాళ్లకు క్లాసులే 2024 దాకా నడుస్తాయి. వాళ్లు కోర్సు 2019–2024 అని రాయాలి. నాలుగేళ్ల కోర్సు ఐదేళ్లు ఎందుకైందని అడుగుతారు, అప్పుడు చెప్పాలి.

అసలు చిక్కు ఆ 60.5 శాతం దగ్గర. అది ఎక్కడిదని అడిగితే, రెండు సబ్జెక్టులు మిగిలి ఉండగా తనే లెక్క వేసుకున్నానన్నాడు. కోర్సుకి 160 క్రెడిట్లు. అప్పటికి పాసైనవి 153. గ్రేడ్ పాయింట్లను క్రెడిట్లతో హెచ్చించి కూడితే 1002 వచ్చింది. 1002ని 153తో భాగిస్తే 6.55. వాళ్ల పద్ధతిలో సీజీపీఏ నుంచి 0.5 తీసి పదితో హెచ్చించాలి, 60.5 శాతం. లెక్కలో తప్పు లేదు. తప్పు ఏమిటంటే మిగిలిన 7 క్రెడిట్లు ఇంకా లెక్కలోకి రాలేదు. ఎం-2కి 4, ఈఎమ్‌టీఎల్‌కి 3. సి గ్రేడ్ అంటే 5 పాయింట్లు కాబట్టి ఆ రెండూ కలిపి 35 పాయింట్లే తెచ్చాయి. 1037ని 160తో భాగిస్తే 6.48. శాతం 59.8.

చూడటానికి 0.7 తేడా. కానీ చాలా కంపెనీలు పెట్టే గీత 60 దగ్గరే ఉంటుంది. బ్యాక్‌లాగ్‌లు పోయాక శాతం పెరుగుతుందని పిల్లలు అనుకుంటారు. పాసై కూడా గీత కిందికి దిగడం వాళ్లు ఊహించరు. సప్లీలో వచ్చిన గ్రేడ్ అప్పటి సగటు కంటే తక్కువైతే సగటు దిగుతుంది, అంతే. అందుకే సబ్జెక్టులు మిగిలి ఉన్నప్పుడు సీజీపీఏ రాయాల్సి వస్తే 'ఇప్పటికి 153 క్రెడిట్లకు' అని పక్కన పెట్టాలి. పూర్తయిన రోజు మెమోలో ఉన్న అంకెతో మార్చాలి. ఇంకో మాట, శాతంగా మార్చే సూత్రం అన్ని యూనివర్సిటీలకూ ఒకటి కాదు. 0.5 తీసేవి ఉన్నాయి, 0.75 తీసేవి ఉన్నాయి. తమ యూనివర్సిటీ, తమ రెగ్యులేషన్ ప్రకారం ఏది వర్తిస్తుందో అదే వాడాలి. పక్క కాలేజీ స్నేహితుడి సూత్రం పనికిరాదు.

"అరవై అని రౌండ్ చేయొచ్చా సార్?" అని అడిగాడు.

వద్దన్నాను. రౌండ్ చేయకూడదని చాలా ఫారాలు స్పష్టంగానే చెబుతాయి. చెప్పకపోయినా, మెమోలో లేని అంకె మన చేత్తో పుట్టించిన అంకే.

రెజ్యూమే ఒక ఎత్తు, ఫారం ఇంకో ఎత్తు. రెజ్యూమేలో ఏది రాయాలో మనం ఎంచుకుంటాం. ఫారం అడిగిన ప్రశ్నకు జవాబివ్వాలి, చివర్లో 'పై వివరాలన్నీ నిజం' అని టిక్ పెట్టాలి. అక్కడ రెండు ప్రశ్నలు ఒకేలా కనిపిస్తాయి గానీ వేరు. 'యాక్టివ్ బ్యాక్‌లాగ్‌లు ఎన్ని' అంటే ఈ రోజుకి పాస్ కానివి. ఇతనికి సున్నా. 'బ్యాక్‌లాగ్ హిస్టరీ' అంటే ఎప్పుడైనా పోయి తర్వాత క్లియర్ అయినవి కూడా. ఇతనికి రెండు. ఎం-2 మూడుసార్లు రాసినా అది ఒక బ్యాక్‌లాగే. ఎన్ని అటెంప్ట్‌లు అని విడిగా అడిగితే అప్పుడు మూడు అని చెప్పాలి. హిస్టరీ ప్రశ్నకు సున్నా కొట్టి, 'యాక్టివ్ అనుకున్నాను' అని తర్వాత చెబితే ఎవరూ నమ్మరు. సెమిస్టర్ మెమోల మీద ఏ సబ్జెక్ట్ ఏ పరీక్షలో పాసయ్యాడో కనిపిస్తూనే ఉంటుంది.

ఇవి పట్టుకునేది ఇంటర్వ్యూ చేసినవాళ్లు కాదు. చేరే సమయంలోనో, చేరాకనో బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ జరుగుతుంది. చాలాచోట్ల ఆ పని బయటి ఏజెన్సీకి అప్పగిస్తారు. వాళ్లు సర్టిఫికెట్ల కాపీలు తీసుకుని యూనివర్సిటీతో సరిచూసుకుంటారు, ఫారంలో రాసినదాన్ని పక్కన పెట్టి చూస్తారు. వాళ్లకు మన కథ అక్కర్లేదు. అక్కడ 2023, ఇక్కడ 2024, సరిపోలేదు అని రిపోర్ట్ రాస్తారు. తప్పుడు వివరాలిస్తే ఉద్యోగం నుంచి తీసేయొచ్చన్న షరతు సాధారణంగా ఆఫర్ లెటర్‌లోనే ఉంటుంది. రెండు సప్లీలను క్షమించే కంపెనీ కూడా ఆ రిపోర్ట్‌ను క్షమించకపోవచ్చు.

ఒక్క సబ్జెక్ట్ ఇంకా మిగిలి ఉండగానే అప్లై చేసేవాళ్లు కూడా ఉంటారు. వాళ్లు డిగ్రీ పూర్తయినట్టు రాయకూడదు. 'కోర్సు 2021–2025, ఒక సబ్జెక్ట్ మిగిలింది, సప్లిమెంటరీ పరీక్ష రాశాను, ఫలితం రావాలి' అని రాస్తే సరిపోతుంది. పరీక్ష ఇంకా రాయకపోతే నోటిఫికేషన్‌లో ఉన్న నెల రాయాలి. ఫలితం ఫలానా నెలలో వస్తుందని మాత్రం మాట ఇవ్వొద్దు, అది మన చేతిలో లేదు.

ఇక 2023 వేసవి నుంచి 2024 దాకా ఉన్న ఖాళీ. పిల్లలు ఎక్కువగా తడబడేది ఇక్కడే. ఎవరో డబ్బు తీసుకుని అనుభవం సర్టిఫికెట్ ఇస్తామంటారు. దాని జోలికి వెళ్లొద్దని బతిమాలుకుంటాను. అనుభవం రాస్తే జీతం స్లిప్పులు అడుగుతారు, పీఎఫ్ ఖాతా చూస్తారు, ఆ కంపెనీకి ఫోన్ చేస్తారు. ఇతను ఆ ఏడు నెలలూ మధ్యాహ్నం దాకా మామయ్య మొబైల్ షాపులో కూర్చుని, సాయంత్రం పైథాన్ నేర్చుకున్నాడు. షాపు స్టాక్ లెక్క కోసం చిన్న ప్రోగ్రామ్ రాశాడు. అది రెజ్యూమేలో లేదు! చిన్నదని వదిలేశాడట. ఎన్ని సరుకులకు లెక్క చూస్తుందో, ఏం వాడి కట్టాడో రెండు వరసల్లో ప్రాజెక్టుల కింద పెట్టించాను.

ఇంతా చేసి, కొన్ని తలుపులు మూసే ఉంటాయని కూడా అతనికి చెప్పాను. 60 శాతం కావాలన్న చోట 59.8తో పని జరగదు. హిస్టరీయే ఉండకూడదన్న చోట ఎంత చక్కగా రాసినా కంప్యూటరే పక్కన పెడుతుంది. కానీ పీసీ మీది 2024 కొన్ని తలుపులు తెరుస్తుంది కూడా. '2024లో పాసైనవారు' అని మాత్రమే అడిగే డ్రైవ్‌కి అతను అర్హుడే. 2020లో చేరి 2024లో ముగించిన బ్యాచ్ మాత్రమే అని రాసి ఉంటే కాదు. ప్రకటనలో ఏది ఉందో చూసి, స్పష్టంగా లేకపోతే హెచ్‌ఆర్‌కి రెండు తేదీలూ రాసి మెయిల్ పెట్టి అడగాలి. వచ్చిన జవాబు దాచుకోవాలి.

శాతం గీత లేని ఒక చిన్న కంపెనీ పిలిచింది. వెళ్లేముందు ఇంటర్వ్యూలో ఏం చెప్పాలని అడిగాడు. లాక్‌డౌన్ వల్ల అని మొదలుపెట్టబోయాడు, ఆపాను. లాక్‌డౌన్ అందరికీ వచ్చింది. "నీకు ఏం జరిగింది బాబూ?" అన్నాను. కాసేపు ఆలోచించి చెప్పాడు. ఆన్‌లైన్ క్లాసులు ఫోన్‌లో ఆన్ చేసి వదిలేశాడట. సప్లీకి రెండుసార్లు ఇంపార్టెంట్ ప్రశ్నలు బట్టీ పట్టి వెళ్లాడట. మూడోసారి పాత ప్రశ్నపత్రాలు తీసుకుని ఒక్కో లెక్కా చేస్తే పాసయ్యాడు. అదే చెప్పమన్నాను, అరనిమిషంలో.

ఇంటర్వ్యూలో అడిగారట. చెప్పాడట. విన్నాయన తల ఊపి, పేజీ తిప్పి, "ఈ స్టాక్ ప్రోగ్రామ్‌లో ఒకే సరుకు రెండుసార్లు ఎంటర్ చేస్తే ఏమవుతుంది?" అని అడిగాడట. మిగిలిన ముప్పావుగంటా దాని మీదే గడిచిందని ఫోన్‌లో చెప్పాడు.