భద్రతా లోపాలపై సబ్ కాంట్రాక్టు రద్దు నోటీసు

నిర్మాణ పనిలో కొంత భాగాన్ని ప్రధాన కాంట్రాక్టరు వద్ద నుండి తీసుకొని చేసే వ్యక్తిని లేదా సంస్థను సబ్ కాంట్రాక్టరు అంటారు. ఇతడు పనిని ప్రమాదకరంగా చేస్తూ, చెప్పినా సరిదిద్దుకోనప్పుడు, ప్రధాన కాంట్రాక్టరు ఒప్పందాన్ని ముగిస్తూ ఇచ్చే లిఖితపూర్వక తాఖీదే ఈ రద్దు నోటీసు. ఇందులో మూడు అంశాలు ఉంటాయి. అవి పనిలో కనబడిన లోపాల వివరము, ఒప్పందంలోని ఏ నిబంధన ప్రకారం రద్దు చేస్తున్నారన్న ప్రకటన, నష్టపరిహారం మొదలగు హక్కులను వదులుకోవడం లేదన్న ప్రకటన. నోటీసు నిలబడుతుందా లేదా అన్నది దానిలోని భాష కంటే, దానికి ముందు స్థలంలో వ్రాసి ఉంచిన నమోదులపైననే ఎక్కువగా ఆధారపడి ఉంటుంది.

గోదావరి డెల్టాలో తవ్వకాల ప్రమాదం

గోదావరి డెల్టా నేల నది మోసుకొని వచ్చిన ఒండ్రు మట్టితో ఏర్పడినది. 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట నుండి బయలుదేరిన కాలువలు ఈ ప్రాంతమంతటా అల్లుకొని ఉన్నాయి. వేసవిలో మరమ్మతుల కొరకు కాలువలు కట్టివేసినప్పుడు భూగర్భ జలమట్టం కొంత దిగుతుంది. తిరిగి నీరు వదిలిన తరువాత, వర్షాలు కూడా తోడైనప్పుడు, అది పైకి వస్తుంది. మే నెలలో నిటారుగా నిలబడిన కందకపు గోడ జూన్ నెలలో అదే విధంగా నిలబడుతుందని చెప్పడానికి వీలు లేదు. బంకమన్ను ఆరినప్పుడు గట్టిగా కనిపించి, తడిసినప్పుడు బలాన్ని కోల్పోతుంది.

కూలిపోయే ముందు సాధారణంగా కొన్ని గుర్తులు కనిపిస్తాయి. కందకపు అంచుకు సమాంతరంగా నేలపై పగుళ్ళు ఏర్పడతాయి. గోడ అడుగు భాగం లోపలికి ఉబ్బుతుంది. అడుగున నీరు ఊరుతూ మట్టిని కొద్దికొద్దిగా తెస్తుంది. తడి మట్టి ఒక ఘనమీటరు బరువు సుమారు 1.8 టన్నులు ఉంటుంది. అందువలన నడుము వరకు మట్టిలో కూరుకుపోయిన మనిషి కూడా తనంతట తాను బయటకు రాలేడు.

కేంద్ర ప్రజా పనుల శాఖ భద్రతా నియమావళిలో కందకాల గురించి స్పష్టమైన కొలతలు ఉన్నాయి. 1.2 మీటర్లు లేదా అంతకంటే లోతైన కందకంలో ప్రతి 30 మీటర్ల పొడవుకు, లేదా అందులో మిగిలిన భాగానికి, కనీసం ఒక నిచ్చెన ఉండాలి. లోతు 1.5 మీటర్లు లేదా అంతకు మించితే గోడలను ఏటవాలుగా మెట్లు మెట్లుగా తవ్వాలి, లేదా షోరింగ్ అనబడే కొయ్య దన్నులతో నిలబెట్టాలి. తవ్విన మట్టిని అంచు నుండి 1.5 మీటర్లు లేదా కందకపు లోతులో సగం, ఈ రెండింటిలో ఏది ఎక్కువైతే అంత దూరంలో పోయాలి.

నోటీసుకు ముందు జరగవలసినవి

పని ఆపివేయడం, ఒప్పందం రద్దు చేయడం రెండూ వేర్వేరు చర్యలు. ప్రాణాపాయం కనబడిన క్షణమే పని ఆపించాలి. అందుకు గడువు ఇవ్వనవసరం లేదు. ఒప్పందాన్ని రద్దు చేయడానికి మాత్రం అందులో వ్రాసుకున్న క్రమాన్ని పాటించాలి. సాధారణంగా లోపాలను సరిదిద్దుకోవడానికి కొన్ని రోజుల గడువు ఇస్తూ ముందు ఒక నోటీసు పంపాలని ఒప్పందాలలో ఉంటుంది. కొన్ని ఒప్పందాలలో తీవ్రమైన భద్రతా ఉల్లంఘనకు గడువు లేకుండానే రద్దు చేసే ప్రత్యేక నిబంధన కూడా ఉంటుంది. అది లేనప్పుడు గడువు పూర్తి కాకముందే రద్దు చేస్తే, ఒప్పందాన్ని ఉల్లంఘించినవాడు ప్రధాన కాంట్రాక్టరే అవుతాడు. లోపాలన్నీ నిజమైనప్పటికీ పరిహారం చెల్లించవలసిన స్థితి అతనికి ఏర్పడవచ్చు.

నోటీసు ఇచ్చేవారు తమ బాధ్యతలను కూడా ముందుగా చూసుకోవాలి. షోరింగ్ సామగ్రిని ప్రధాన కాంట్రాక్టరే సరఫరా చేయాలని ఒప్పందంలో ఉండి, అతడు సరఫరా చేయకపోతే, ఆ లోపాన్ని సబ్ కాంట్రాక్టరుపై మోపడం కష్టం. పని చేయడానికి తగిన సౌకర్యాలను కల్పించకపోతే, ఆ కారణంగా జరగని పనికి రెండవ పక్షం బాధ్యత తొలగిపోతుందని 1872 నాటి భారత ఒప్పందాల చట్టం 67వ సెక్షను చెబుతున్నది.

ఒక ఊహాత్మక ఉదాహరణ

డెల్టాలోని ఒక పట్టణంలో కాలువ సమీపాన మురుగునీటి గొట్టాల కొరకు 70 మీటర్ల పొడవు, 2.4 మీటర్ల లోతు గల కందకాన్ని ఒక సబ్ కాంట్రాక్టరు తవ్వుతున్నాడనుకుందాం. షోరింగ్ సామగ్రి తెచ్చుకొనే బాధ్యత అతనిదే. ఒప్పందం ప్రకారం, నోటీసు అందిన తరువాత 7 రోజులలో లోపం సరిదిద్దకపోతే రద్దు చేయవచ్చు.

జూన్ 3న ప్రధాన కాంట్రాక్టరు ఇంజనీరు తనిఖీ చేయగా గోడలు నిటారుగా, దన్ను లేకుండా ఉన్నాయి. తవ్విన మట్టి అంచు నుండి 0.4 మీటరు దూరంలోనే ఉన్నది. లోతులో సగం 1.2 మీటర్లు కనుక, నియమావళి ప్రకారం ఎక్కువైన 1.5 మీటర్ల దూరం ఉండాలి. 70 మీటర్ల పొడవుకు 3 నిచ్చెనలు కావలసి ఉండగా ఒకటే ఉన్నది. ఒకచోట అంచుకు సమాంతరంగా పగులు కూడా కనిపించింది. ఇంజనీరు కూలీలను పైకి రప్పించి, సైటు ఆర్డరు పుస్తకంలో పని నిలుపుదల ఉత్తర్వు వ్రాసి, సబ్ కాంట్రాక్టరు మేస్త్రీ చేత సంతకం తీసుకున్నాడు. కొలత టేపు కనబడేటట్లు ఫోటోలు తీశాడు.

జూన్ 4న పంపిన సవరణ నోటీసు జూన్ 6న సబ్ కాంట్రాక్టరుకు అందింది. అందిన రోజును మినహాయిస్తే 7 రోజుల గడువు జూన్ 13తో ముగుస్తుంది. జూన్ 9న ఇద్దరు కూలీలు మరల దన్ను లేని కందకంలోకి దిగినట్లు గమనించారు. ఆ రోజే రద్దు నోటీసు ఇవ్వాలనిపించడం సహజమే గాని, ఈ ఒప్పందంలో తక్షణ రద్దు నిబంధన లేదు. కనుక ప్రధాన కాంట్రాక్టరు వారిని బయటకు పంపి, కందకం చుట్టూ కంచె వేసి, కాపలా పెట్టి, ఆ ఉల్లంఘనను తేదీ, సమయంతో సహా నమోదు చేయించాడు. జూన్ 14 ఉదయం తనిఖీలో 70 మీటర్లలో 20 మీటర్లకు మాత్రమే షోరింగ్ అమర్చి ఉన్నది. అదే రోజు రద్దు నోటీసు జారీ అయినది.

నోటీసు పాఠము

పై ఉదాహరణలోని నోటీసు ముఖ్య భాగం ఈ విధంగా ఉండవచ్చు:

"జూన్ 3న జరిగిన తనిఖీలో 2.4 మీటర్ల లోతు గల కందకానికి షోరింగ్ లేదని, తవ్విన మట్టి అంచుకు 0.4 మీటరు దూరంలో ఉన్నదని, 3 నిచ్చెనలకు బదులు ఒకటే ఉన్నదని నమోదు చేసి పని నిలిపివేయడమైనది. జూన్ 6న మీకు అందిన నోటీసులో 7 రోజుల గడువు ఇవ్వబడినది. జూన్ 9న మీ కూలీలు ఇద్దరు నిలుపుదల ఉత్తర్వుకు విరుద్ధంగా కందకంలో పనిచేస్తూ కనబడినారు. జూన్ 14న 50 మీటర్ల మేర షోరింగ్ లేదు. కావున ఒప్పందంలోని రద్దు నిబంధన ప్రకారం ఈ సబ్ కాంట్రాక్టును నేటి నుండి రద్దు చేయుచున్నాము. జూన్ 16న ఉదయం 10 గంటలకు జరుగు ఉమ్మడి కొలతలకు హాజరు కావలెను. మిగిలిన పనికి అయ్యే అదనపు ఖర్చుతో సహా ఒప్పందము, చట్టము ప్రకారం మాకు గల సమస్త హక్కులు నిలిచి ఉన్నవి. కొలతలు తీయుట గాని, ఏదేని చెల్లింపు గాని ఆ హక్కులను వదులుకొనుట కాదు."

ఇందులో "మీరు నిర్లక్ష్యపరులు" వంటి మాట ఒక్కటి కూడా లేదు. చూచినది, కొలిచినది, తేదీ మాత్రమే ఉన్నాయి. అటువంటి వాక్యాన్ని వివాదంలో ఖండించాలంటే ఎదుటివారు వేరొక కొలతను చూపవలసి ఉంటుంది.

హక్కులను నిలుపుకోవడం

లోపాన్ని చాలాకాలం చూసీ చూడనట్లు వదిలి బిల్లులు చెల్లిస్తూ పోతే, ఆ హక్కును వదులుకున్నారని సబ్ కాంట్రాక్టరు వాదించవచ్చు. హక్కులు నిలిచి ఉన్నాయన్న ప్రకటన అటువంటి వాదనకు అడ్డు వేస్తుంది. అయితే అది ఒప్పందంలో లేని కొత్త హక్కును సృష్టించలేదు, కాలపరిమితి చట్టం విధించిన గడువును పొడిగించలేదు.

న్యాయబద్ధంగా ఒప్పందాన్ని రద్దు చేసినవారికి నష్టపరిహారం పొందే హక్కు ఒప్పందాల చట్టం 75వ సెక్షనులో కలదు. 73వ సెక్షను ప్రకారం ఉల్లంఘన వలన సహజంగా కలిగిన నష్టమే లభిస్తుంది. ఒప్పందంలో ముందుగానే ఒక మొత్తం వ్రాసుకున్నప్పటికీ, 74వ సెక్షను ప్రకారం ఆ మొత్తానికి మించకుండా సమంజసమైన పరిహారమే ఇస్తారు. అందుచేత మిగిలిన పనిని వేరొకరికి ఇచ్చేటప్పుడు పాత ధర, కొత్త ధర, మిగిలిన పరిమాణం మూడూ ఉమ్మడి కొలతలతో సరిపోవాలి.

పూర్తి ఒప్పందాన్ని కాక, కొంత పనిని మాత్రమే వెనుకకు తీసుకొనే నిబంధనలు కూడా ఉంటాయి. గోదావరిపై పోలవరం ప్రాజెక్టులో 2018లో ప్రధాన కాంట్రాక్టరు ట్రాన్స్‌ట్రాయ్ నుండి కొన్ని కాంక్రీటు పనులను ఒప్పందంలోని 60-సి నిబంధన క్రింద తొలగించి నవయుగ సంస్థకు అప్పగించారు. అక్కడ కారణం భద్రత కాదు, పని మందకొడిగా సాగడం. భద్రతా వివాదంలో కూడా, ఒప్పందంలో వీలుంటే, ప్రమాదకరమైన భాగాన్ని మాత్రమే తొలగించవచ్చు.

ప్రధాన కాంట్రాక్టరు బాధ్యత

రద్దు నోటీసు కార్మికుల పట్ల ఉన్న బాధ్యతను ముగించదు. 1996 నాటి భవన, ఇతర నిర్మాణ కార్మికుల చట్టం నిరంతర పర్యవేక్షణ బాధ్యతను యజమానిపై ఉంచినది. ఆ చట్టం స్థానంలో వచ్చిన 2020 నాటి వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల నియమావళి 2025 నవంబరు 21 నుండి అమలులోకి వచ్చినది. ఈ నియమావళిలో కాంట్రాక్టరు అనే పదానికి ఇచ్చిన నిర్వచనంలో సబ్ కాంట్రాక్టరు కూడా చేరి ఉన్నాడు. కాంట్రాక్టరు కూలి చెల్లించకపోతే ప్రధాన యజమాని చెల్లించి, తరువాత అతని నుండి రాబట్టుకోవాలి.

లోపాల నమోదు రెండు వైపులా పదునున్న సాక్ష్యం. జూన్ 3న పగులు చూసినట్లు వ్రాసి, పని ఆపకుండా జూన్ 14న రద్దు నోటీసు ఇస్తే, ఆ 11 రోజులూ ప్రమాదం తెలిసి కూడా కూలీలను కందకంలోకి దింపినట్లు అదే కాగితం చెబుతుంది. మధ్యలో గోడ కూలితే నోటీసు వ్రాసినవారికే అది వ్యతిరేక సాక్ష్యం అవుతుంది. అందువలన ప్రతి లోపం నమోదు పక్కన, దానిపై ఆ రోజే తీసుకున్న చర్య కూడా వ్రాయవలసి ఉంటుంది.

ఫోటోలు, ఈ-మెయిళ్ళ అసలు ప్రతులను భద్రపరచాలి. న్యాయస్థానంలో ఎలక్ట్రానిక్ నమోదుల ప్రతులను దాఖలు చేసేటప్పుడు 2023 నాటి భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షను ప్రకారం ధ్రువపత్రం జతపరచాలి. మధ్యవర్తిత్వ విచారణకు ఆ చట్టం వర్తించదు. అయినప్పటికీ ఫోటో ఎవరు, ఎప్పుడు, ఎక్కడ తీశారన్నది అక్కడ కూడా అడుగుతారు.

రద్దు తరువాత తెరచి ఉన్న కందకం ప్రధాన కాంట్రాక్టరు అధీనంలోకి వస్తుంది. ఉమ్మడి కొలతలు ముగిసే వరకు కంచె, కాపలా కొనసాగించి, ఊరిన నీటిని తోడించి, మిగిలిన 50 మీటర్లకు బయటి నుండే దన్ను అమర్చాలి లేదా మట్టితో పూడ్చాలి. సబ్ కాంట్రాక్టరు కొలతలకు రాకపోతే సాక్షుల సమక్షంలో కొలిచి, ఒక ప్రతిని అతనికి పంపుతారు.