ఆ 36 ఒంటిదా, జాకెట్టుదా?

పెళ్ళిళ్ళ రోజుల్లో అమెరికాలో ఉన్న కూతురు అమ్మకు వాట్సాప్‌లో కొలతలు పంపుతుంది. అమ్మ ఆ కాగితం పట్టుకుని విజయవాడలో టైలరు దగ్గరికి వెళ్తుంది. అందులో "ఛాతీ 36" అని చూడగానే తెలిసిన టైలరు మొదట అడిగే మాట ఒకటే: "ఇది ఒంటి మీద తీసిందా అమ్మా, ఆది జాకెట్టు మీద తీసిందా?"

రెండూ ఒకటే కదా అనిపిస్తుంది, కానీ కావు. ఒంటి మీద ఛాతీ 36 అంగుళాలున్న మనిషికి కుట్టిన జాకెట్టు ఆ చోట 37 నుంచి 38 దాకా ఉండాలి. లేకపోతే గట్టిగా ఊపిరి తీసినా, చెయ్యెత్తి గోడ మీది స్విచ్చి వేసినా హుక్కుల మీద భారం పడుతుంది. ఈ అదనాన్ని టైలర్లు లూజు అంటారు. ఆది జాకెట్టును పరిచి కొలిచినప్పుడు 36 వచ్చిందంటే అందులో లూజు అప్పటికే కలిసి ఉంది, దాన్ని వేసుకునే మనిషి 34, 35 మధ్య ఉంటుంది. కాగితం మీద అంకె ఒకటే, కుట్టాల్సినవి మాత్రం రెండు వేరు వేరు జాకెట్లు.

కాబట్టి పద్ధతి ఏదో ఒకటే ఉండాలి. టేపుతో ఒంటిని ఉన్నదున్నట్టు కొలవాలి, లూజు కత్తిరించేటప్పుడు విడిగా కలపాలి. ఇంట్లో తీసే కొలతలు చెడేది ఎక్కువగా ఇక్కడే. ఒకరు "కాస్త వదులుగా ఉండనీ" అని టేపు కింద రెండు వేళ్ళు దూర్చి కొలుస్తారు, దాంతో అంగుళం దాకా పెరుగుతుంది. టైలరు దాన్ని ఒంటి కొలతే అనుకుని, తన లెక్క ప్రకారం మరో రెండు అంగుళాలు కలుపుతాడు. చివరికి 36 ఛాతీకి 39 అంగుళాల జాకెట్టు తయారై చంకల దగ్గర గుడ్డ ముడతలుగా నిలుస్తుంది. వేళ్ళు పెట్టి కొలిచే అలవాటుంటే తప్పేం లేదు, ఆ సంగతి కాగితం మీద రాయాలి, అంతే.

కొలిచే ముందు చూసుకోవాల్సినవి రెండున్నాయి. పాత గుడ్డ టేపు వాడగా వాడగా సాగుతుంది. ఇనుప స్కేలు పక్కన పెట్టి చూస్తే ఆ తేడా వెంటనే తెలుస్తుంది. రెండోది, ఆ జాకెట్టు కింద ఏ లోదుస్తు వేసుకుంటారో అదే వేసుకుని నిలబడాలి. మెత్తటి పాత బ్రాతో కొలిపించుకుని, పెళ్ళి రోజున ప్యాడున్నది వేసుకుంటే ఛాతీ కొలతే కాదు, డాట్లు ముగిసే చోటు కూడా మారిపోతుంది.

ఇక ఛాతీ. ఎదుట ఛాతీ ఎక్కడ నిండుగా ఉందో అక్కడి నుంచి టేపును చంకల కిందుగా వీపు మీదికి తిప్పి మళ్ళీ ముందుకు తేవాలి. టేపు చుట్టూ నేలకు సమాంతరంగా ఉండాలి. తన కొలత తనే తీసుకునేవాళ్ళకు ఇది కుదరదు, ఎందుకంటే ముందు సరిగ్గానే ఉన్న టేపు వీపు మీద తెలియకుండా కిందికి జారుతుంది. చాలామందికి రెక్కల ఎముకల కింద వీపు సన్నబడుతుంది కాబట్టి అంకె తగ్గి వస్తుంది. అద్దం ముందు పక్కకు తిరిగి చూసుకోవాలి, లేదా ఇంకొకరిని వెనక నిలబెట్టుకోవాలి. టేపు తగిలించాక చేతులు దించేయాలి, ఎత్తి ఉంచితే అంకె మారుతుంది. ఊపిరి బిగబట్టకూడదు. మామూలుగా ఊపిరి వదిలాక టేపు ఒంటికి ఆనుకుని ఉండాలి గానీ చర్మాన్ని నొక్కకూడదు.

చాలామంది ఇక్కడితో ఛాతీ అయిపోయిందనుకుంటారు. నా లెక్కలో అసలు కొలత దీని తర్వాతే ఉంది. టేపును కొంచెం పైకి, చంకలకు ఆనించి, ఛాతీ నిండుగా ఉన్న చోటికి పైగా తిప్పితే వచ్చేది పై ఛాతీ. ఇద్దరు అక్కచెల్లెళ్ళకు ఛాతీ 36 అనుకుందాం. అక్కకు పై ఛాతీ 35, చెల్లెలికి 33. అక్క ఎముక గూడే వెడల్పు. చెల్లెలు సన్నటి మనిషి, ఆ 36 అంతా ఎదుట నుంచి వచ్చింది. టైలరు 36ని మాత్రమే చూసి భుజం, మెడ, చంక గుండ్రం ఇద్దరికీ ఒకేలా కత్తిరిస్తే అక్కకు చక్కగా కుదురుతుంది. చెల్లెలికి భుజాలు జారుతుంటాయి, వెనక మెడ ఒంటికి ఆనకుండా తెరుచుకుంటుంది. అయినా ఛాతీ దగ్గర మాత్రం సరిపోతుంది. "మా టైలరుకు భుజాలు కుట్టడం రాదు" అని విసుక్కునేవాళ్ళలో ఎంతమందికి పై ఛాతీ ఎవరూ కొలవలేదో! రెండు కొలతలకూ మధ్య తేడా రెండు అంగుళాలు దాటిందంటే భుజాన్నీ చంకనూ పై ఛాతీని బట్టి కత్తిరించి, కావలసిన చోటు ముందు భాగంలోనే ఇవ్వాలి.

నడుము దగ్గర ఇంకో చిక్కుంది. చీర జాకెట్టుకు "నడుము" అంటే అసలు నడుము కాదు, జాకెట్టు అంచు ముగిసే చోటు. పొడవు 14 అంగుళాలనుకుంటే, మెడ పక్కన భుజం మీద టేపు మొదలు పెట్టి ఛాతీ మీదుగా కిందికి 14 దాకా దించి, ఆ చోటే చుట్టూ కొలవాలి. నాభి దగ్గర తీసిన అంకె దీనికి పనికిరాదు. అందుకే పొడవు తేల్చుకోకుండా జాకెట్టు నడుము కొలత తీయడం కుదరదు. పొడవు ఒక అంగుళం మారినా అంచు పడే చోటు మారి, చుట్టుకొలత కూడా మారుతుంది.

చెల్లెలి కొలతలనే లెక్క కట్టి చూద్దాం. ఛాతీ 36, అంచు దగ్గర 30. ఛాతీకి రెండు అంగుళాల లూజు కలిపితే 38. నాలుగు భాగాలుగా పంచితే ఒక్కోటి తొమ్మిదిన్నర. ఈమెకు నిండుదనమంతా ముందే ఉంది కాబట్టి మంచి టైలరు ముందు రెండు భాగాలకూ 10 చొప్పున ఇచ్చి, వెనక రెండింటికీ 9 చొప్పున సరిపెడతాడు. మొత్తం మాత్రం అదే 38. అంచుకు ఒక్క అంగుళం లూజు చాలు, అది 31. అంటే ఛాతీ నుంచి అంచుకు వచ్చేసరికి ఏడు అంగుళాల గుడ్డ ఎక్కడో మాయం కావాలి. కొంత పక్క కుట్టు వాలులో పోతుంది, మిగిలింది డాట్లలోకి మడిచిపోతుంది. అంచు కొలతను ఊహించి రాసేస్తే టైలరు డాట్లలో ఎంత మడవాలో తెలియక అందరికీ వేసేదే వేస్తాడు. ఛాతీ కింద గుడ్డ సంచిలా వేలాడడానికి కారణం అదే. పక్క కుట్ల దగ్గర లోపల వదిలే గుడ్డ ఈ లెక్కలన్నీ అయ్యాక విడిగా కలిపేది.

ఒంటి మీద కొలిచే వీలు లేక ఆది జాకెట్టే ఇవ్వాల్సి వస్తే, హుక్కులన్నీ పెట్టి, బల్ల మీద ముడతల్లేకుండా పరిచి, ఒక చంక కింది కుట్టు నుంచి రెండో చంక కింది కుట్టు దాకా కొలిచి రెట్టింపు చేయాలి. ఇలా తీసిన అంకెకు మళ్ళీ లూజు కలపకూడదు. ఇష్టమైన పాత జాకెట్టును చాలామంది ఆదిగా ఇస్తారు. అది ఒంటికి తగ్గట్టు సాగిపోయి ఉంటుంది, పక్క కుట్లు ఎప్పుడో విప్పి ఉంటారు. బాగా కుదిరినదీ, ఈ ఏడాదే కుట్టించినదీ ఇవ్వడం మేలు.

జాకెట్టుకు తుంటి కొలత అక్కర్లేదు. కుర్తీకి, షర్టుకు కావాలి. టైలర్లు దాన్ని సీటు అంటారు. జేబులో ఫోనూ తాళాలూ తీసేసి, కాళ్ళు దగ్గరగా పెట్టి నిలబడాలి. పక్క నుంచి చూసి వెనక ఎక్కడ నిండుగా ఉందో ఆ చోట టేపు తిప్పాలి. నడుము నుంచి ఆ చోటు సుమారు ఏడెనిమిది అంగుళాలు కిందికి ఉంటుంది గానీ పొడుగువాళ్ళకూ పొట్టివాళ్ళకూ మారుతుంది, కాబట్టి ఎంత కిందో కూడా రాసుకోవాలి. ఇక్కడ నడుమంటే అసలు నడుమే. పక్కకు వంగితే మడత పడే చోటు అది. అక్కడ సన్నటి తాడు కట్టుకుంటే మిగతా కొలతలకు గుర్తుగా పనికొస్తుంది.

ఛాతీ 36, నడుము 32, సీటు 40 ఉన్న మనిషికి ఛాతీ చూసుకుని 39 అంగుళాల తిన్నని కుర్తీ కుట్టారనుకోండి. అది 40 మీదికి దిగలేదు. నడవగానే పైకి పాకి నడుము దగ్గర అడ్డంగా మడతలు పడుతుంది. చూసినవాళ్ళు నడుము దగ్గర లూజెక్కువైందనుకుని అక్కడ బిగిస్తారు, దాంతో మరింత పాకుతుంది. బిగుతు కింద, మడత పైన. పక్క కట్స్ సీటు కంటే పైనే మొదలైతే గుడ్డ కిందికి దిగుతుంది గానీ కట్స్ నోరు తెరుచుకుని కనిపిస్తాయి.

మగవాళ్ళ షర్టులో ఆ చిక్కు బొజ్జ దగ్గర వస్తుంది. ఛాతీ 40, బొజ్జ 42 ఉన్నాయనా మామూలుగా ఛాతీకి నాలుగు కలిపి 44తో తిన్నగా కత్తిరిస్తే బొజ్జ దగ్గర రెండే మిగులుతుంది. కూర్చోగానే బొజ్జ పెరిగి గుండీల మధ్య బనియన్ కనిపిస్తుంది. కుర్చీలో కూర్చోబెట్టి ఆ చోట ఇంకోసారి కొలవాలి, పొట్ట లోపలికి లాక్కోనివ్వకూడదు. ఇంకో సంగతి, మన రెడీమేడ్ ఫార్మల్ షర్టుల మీద ఉండే 40 చాలావరకు మెడ కొలత, అదీ సెంటీమీటర్లలో. దాన్ని చూసి "నా ఛాతీ 40" అని టైలరుకు చెప్పకండి.

కుట్టాక తేడా వస్తే ముడతల్ని చూస్తే చోటు తెలుస్తుంది. హుక్కుల నుంచి చంకల వైపు అడ్డంగా గీతలు లాగితే ఛాతీ చాలలేదు. ముందు చంక పక్కన నిలువు మడత నిలిస్తే పై ఛాతీ ఎక్కువైంది. దాన్ని పక్క కుట్లు బిగించి సరిచేయబోతే ఛాతీ పట్టేస్తుంది. కుట్టు విప్పే ముందు ఒక లెక్క గుర్తుంచుకోవాలి: రెండు పక్కలా ముందు గుడ్డనూ వెనక గుడ్డనూ కలిపి అరంగుళం లోపలికి కుడితే మొత్తం తగ్గేది రెండు అంగుళాలు. అందుకని ముందు పావు అంగుళమే గుండుసూదులతో పట్టించి, తొడిగి, చెయ్యెత్తి చూసుకుని ఆ తర్వాతే మిషను మీద పెట్టాలి.