కాపీరైట్ స్ట్రైక్: మిర్చి యార్డు వీడియో ఎగిరిపోయిందా? అప్పీల్‌కి ముందు ఇది చూడండి.. తొందరపడితే అడ్రస్ కూడా అవతలివాళ్ల చేతికి!

పొద్దున్నే గుంటూరు మిర్చి యార్డు గేటు తెరిచేసరికి టిక్కీల మధ్య రైతులు, కమీషన్ వ్యాపారులు, హమాలీలతో పాటు సెల్ఫీ స్టిక్ పట్టుకున్న కుర్రాళ్లు కూడా కనిపిస్తారు. తేజ ఎంత పలికింది, బాడిగ ఎంత, తాలు కాయకి ఎంత అని వీడియో పెడితే చాలు, దర్శి నుంచి మాచర్ల దాకా ఫోన్లలో తిరుగుతుంది. సరుకు బండి ఎక్కించాలా, కోల్డ్ స్టోరేజీలోనే ఉంచాలా అన్నది ఆ వీడియో చూసి తేల్చుకునే రైతులు కూడా ఉన్నారు.

అలాంటి ఛానల్‌కి ఒకరోజు యూట్యూబ్ నుంచి మెయిల్ వస్తుంది. కాపీరైట్ ఫిర్యాదు అందింది, వీడియో తీసేశాం, మీ ఛానల్‌కి ఒక స్ట్రైక్ పడింది అని. అంతే.. చేతులు కాళ్లు ఆడవు. చాలామంది వెంటనే చేసే పని ఛానల్‌లో ఉన్న పాత వీడియోలన్నీ డిలీట్ చేయడం. దానివల్ల ఉపయోగం సున్నా. స్ట్రైక్ పడిన తర్వాత వీడియో డిలీట్ చేసినా స్ట్రైక్ పోదు.

ముందు చూడాల్సింది: అది క్లెయిమా, స్ట్రైకా?

ఈ రెండింటికీ తేడా తెలియక నష్టపోయేవాళ్లే ఎక్కువ. వీడియో వెనకాల సినిమా పాట వినిపించిందనుకోండి, యూట్యూబ్‌లోని Content ID అనే ఆటోమేటిక్ వ్యవస్థ దాన్ని పట్టేస్తుంది. అది క్లెయిమ్. చాలాసార్లు వీడియో అలాగే ఉంటుంది, డబ్బులు మాత్రం పాట హక్కుదారుకి వెళ్తాయి. ఛానల్‌కి మచ్చ పడదు. ఆ పాట ముక్క తీసేస్తే గొడవ వదిలిపోతుంది కూడా.

క్లెయిమ్ తప్పని గట్టిగా అనుకుంటే డిస్ప్యూట్ వేయొచ్చు. అవతలివాళ్లకి 30 రోజుల గడువు ఉంటుంది. క్లెయిమ్ వచ్చిన 5 రోజుల్లోపు డిస్ప్యూట్ వేస్తే మొదటి రోజు నుంచి వచ్చిన ఆదాయాన్ని యూట్యూబ్ పక్కన పెట్టి ఉంచుతుంది. ఆరో రోజు వేస్తే ఆ ముందు రోజుల డబ్బులు చేజారినట్టే. వాళ్లు డిస్ప్యూట్‌ని తిరస్కరిస్తే అప్పీల్‌కి వెళ్లొచ్చు, అప్పుడు వాళ్లకి 7 రోజులే గడువు. అయితే అప్పీల్ దశలో వాళ్లు వీడియో తొలగించమని నేరుగా నోటీసు ఇస్తే మాత్రం క్లెయిమ్ కాస్తా స్ట్రైక్‌గా మారుతుంది.

స్ట్రైక్ కథ వేరు. ఒక మనిషి లేదా సంస్థ సంతకం పెట్టి, ఈ వీడియోలో నా సొత్తు ఉంది, తీసేయండి అని చట్టపరంగా ఇచ్చిన నోటీసు అది. 90 రోజుల్లో మూడు స్ట్రైకులు పడితే ఛానలే పోతుంది. ఒక్కటే పడితే యూట్యూబ్ పెట్టే కాపీరైట్ స్కూల్ పూర్తి చేసి 90 రోజులు ఆగితే అదే తొలగిపోతుంది. అందుకే మొదటి స్ట్రైక్‌కే యుద్ధానికి దిగాల్సిన పనిలేదు. రెండోది, మూడోది ఒకేసారి వచ్చినప్పుడే అసలు సమస్య.

2025 మే నెలలో దేశమంతా చర్చకొచ్చింది ఇదే. ఢిల్లీకి చెందిన వార్తా సంస్థ ఏఎన్ఐ తన వీడియోలపై స్ట్రైకులు వేసి, అవి తీసేయాలంటే లక్షల్లో డబ్బు కట్టి లైసెన్స్ తీసుకోమంటోందని యూట్యూబర్ మోహక్ మంగళ్ ఆరోపించారు. తాను వాడింది కొన్ని సెకన్ల క్లిప్పులేనన్నది ఆయన వాదన. తమ హక్కులు కాపాడుకుంటున్నామన్నది ఏఎన్ఐ వైపు మాట. వ్యవహారం పరువు నష్టం దావాగా ఢిల్లీ హైకోర్టు దాకా వెళ్లింది.

కొన్ని సెకన్లే వాడాం కదా.. తప్పేంటి?

ఇన్ని సెకన్ల లోపు వాడితే ఫర్వాలేదు అని భారత చట్టంలో ఎక్కడా లేదు. డిస్క్రిప్షన్‌లో ఫలానా వాళ్లకి క్రెడిట్స్ అని రాసినా, కాపీరైట్ ఉల్లంఘించే ఉద్దేశం లేదని రాసినా అది రక్షణ కాదు. చట్టంలో ఉన్నది వేరే. 1957 నాటి కాపీరైట్ చట్టం సెక్షన్ 52 ప్రకారం విమర్శ, సమీక్ష కోసం, వర్తమాన వ్యవహారాలు తెలియజేయడం కోసం వేరేవాళ్ల కృతిని సముచితంగా వాడుకోవచ్చు. ఎంత వాడారు అన్నదానికంటే ఎందుకు వాడారు అన్నదే ఇక్కడ కీలకం.

ఒక ఉదాహరణ తీసుకుందాం. 2025 ఫిబ్రవరిలో మిర్చి ధర పడిపోయి యార్డులో ఆందోళనలు జరిగాయి. మార్కెట్ జోక్యం పథకం కింద కేంద్రం క్వింటాకు 11,781 రూపాయల ధర ప్రకటించింది. ఆ రోజుల్లో దర్శి వైపు కుర్రాడొకరు తొమ్మిది నిమిషాల వీడియో చేశాడనుకుందాం. అందులో ఒక టీవీ ఛానల్ కథనం నుంచి 22 సెకన్లు వాడాడు. దానిమీద స్ట్రైక్ పడింది.

ఆ 22 సెకన్లు రెండు రకాలుగా వాడి ఉండొచ్చు. తన దగ్గర యార్డు దృశ్యాలు లేక, తాను రేట్లు చదువుతుంటే తెరమీద ఏదో ఒకటి కదలాలి కదా అని ఆ క్లిప్ వేసుకున్నాడా? అయితే కేసు బలహీనం. ఆ దృశ్యాలు లేకపోయినా అతను చెప్పేది చెప్పగలడు. ఇంకొకరు కెమెరామన్‌కి జీతం ఇచ్చి తీయించిన విజువల్స్‌ని ఊరికే వాడుకున్నట్టే అవుతుంది.

అలా కాకుండా, ఆ కథనంలో క్వింటాకు ఫలానా ధర పలికిందని చెప్పిన ముక్కనే చూపించి, ఆపి, అదే రోజు అదే రకానికి ముగ్గురు రైతులకి వచ్చిన పట్టీలు పక్కన పెట్టి, ఇదిగో తేడా అని చెప్పాడా? అప్పుడు ఆ క్లిప్ లేకుండా విమర్శే లేదు. వాడింది కూడా అవసరమైనంత మేరకే. ఇది నిలబడే వాదన. గ్యారంటీ అని ఎవరూ చెప్పలేరు, తేల్చాల్సింది కోర్టే.

మొదటి దారి: స్ట్రైక్ వేసినవాళ్లకే మెయిల్

మొదటి రకం వాడకం అయితే ఇదే దారి. రెండో రకమైనా ముందు ఇదే ప్రయత్నించడం మంచిది. YouTube Studio తెరిచి Content లోకి వెళ్తే, ఆ వీడియో పక్కన Restrictions అనే చోట Copyright అని కనిపిస్తుంది. అక్కడ వివరాల్లోకి వెళ్తే ఫిర్యాదు చేసింది ఎవరో, వాళ్ల మెయిల్ ఏంటో ఉంటుంది. ఆ పేజీ స్క్రీన్‌షాట్ తీసి దాచుకోవాలి.

మెయిల్‌లో బతిమాలడం, తిట్టడం రెండూ వద్దు. వీడియో లింక్, వాడిన ముక్క ఏ నిమిషం నుంచి ఏ నిమిషం వరకు, ఎందుకు వాడారు, ఇకపై ఏం చేస్తారు.. నాలుగు వాక్యాలు చాలు. వాళ్లు ఒప్పుకుంటే ఫిర్యాదును వెనక్కి తీసుకుంటారు, స్ట్రైక్ పోతుంది. డబ్బు అడిగితే మాత్రం ఫోన్లో మాట్లాడి యూపీఐ కొట్టేయకండి. ఎన్ని స్ట్రైకులు తీస్తారు, లైసెన్స్ ఎంతకాలం, పాత వీడియోలకి కూడా వర్తిస్తుందా అన్నది రాతపూర్వకంగా రావాలి.

రెండో దారి: కౌంటర్ నోటిఫికేషన్.. ఇది మామూలు ఫామ్ కాదు

అదే పేజీలో కౌంటర్ నోటిఫికేషన్ పంపే ఆప్షన్ కూడా ఉంటుంది. అప్పీల్ బటన్ అనుకుని నొక్కేస్తున్నారు చాలామంది. నిజానికి ఇది అమెరికా చట్టం కింద ఇచ్చే లీగల్ డాక్యుమెంట్. అసలు పేరు, చిరునామా, ఫోన్ నంబర్ ఇవ్వాలి. ఛానల్ పేరు పెడితే కుదరదు. పొరపాటు వల్లే ఈ వీడియో తీసేశారని నమ్ముతున్నానంటూ ప్రమాణపూర్వకంగా సంతకం చేయాలి. యూట్యూబ్ ఉన్న ప్రాంతంలోని అమెరికా కోర్టు పరిధికి ఒప్పుకోవాలి. ఈ వివరాలన్నీ స్ట్రైక్ వేసినవాళ్లకి వెళ్తాయి. ఇంటి అడ్రస్ వెళ్లడం ఇబ్బంది అనుకుంటే లాయర్ ద్వారా పంపించొచ్చు.

కారణం రాసే పెట్టెలోనే కథ తేలిపోతుంది. చిన్న ఛానల్ సార్, వదిలేయండి అని రాస్తే యూట్యూబ్ దాన్ని అవతలివాళ్లకి పంపకుండానే తిరస్కరించొచ్చు. మన ఉదాహరణలో కుర్రాడు ఇలా రాయాలి: వీడియోలో ఫలానా నిమిషం నుంచి 22 సెకన్ల పాటు ఉన్న క్లిప్, ఆ కథనంలో చెప్పిన ధరను విమర్శించడానికే వాడాను, క్లిప్‌కి ముందూ తర్వాతా నా సొంత వ్యాఖ్యానం, రైతుల పట్టీలు ఉన్నాయి, మిగతా దృశ్యాలన్నీ నేనే యార్డులో తీశాను. అంతే. ఆవేశం అక్కర్లేదు.

యూట్యూబ్ దాన్ని ఆమోదించి పంపాక అవతలివాళ్లకి 10 పనిదినాల గడువు. శని, ఆదివారాలు, అమెరికా సెలవులు లెక్కలోకి రావు కాబట్టి మన లెక్కలో రెండు వారాలు దాటుతుంది. ఈలోపు కోర్టులో కేసు వేసినట్టు వాళ్లు ఆధారం చూపించకపోతే వీడియో తిరిగి వస్తుంది, స్ట్రైక్ పోతుంది. చూపిస్తే.. ఇక యూట్యూబ్ మధ్యలో ఉండదు. ఆ తర్వాత కోర్టు ఖర్చులు భరించే స్తోమత ఉందా అన్నది ఫామ్ నింపేముందే ఆలోచించుకోవాల్సిన విషయం.

కౌంటర్ నోటిఫికేషన్‌కి అన్నిటికంటే బలమైన సందర్భం ఇంకోటి ఉంది. మీరు తీసిన యార్డు వీడియోనే వేరేవాళ్లు ఎత్తుకుపోయి, తిరిగి మీమీదే స్ట్రైక్ వేయడం. ఫోన్లో ఒరిజినల్ ఫైల్ ఉంటే తీసిన తేదీ, సమయం అందులోనే ఉంటాయి. వాట్సాప్‌లో పంపిన కాపీలో అవి పోతాయి. ఫోన్ నిండిందని ఒరిజినల్స్ చెరిపేసే అలవాటు ఉన్నవాళ్లు ఇక్కడే దెబ్బతింటారు. పాత హార్డ్ డిస్క్ ఒకటి ఉన్నా చాలు.

స్ట్రైక్ లేదు.. కానీ డబ్బులు ఆగిపోయాయి

ఇది ఇంకో రకం నోటీసు. కాపీరైట్‌తో సంబంధం లేదు. వేరేవాళ్ల కంటెంట్‌నే తిప్పి పెడుతున్నారనో, ఒకే మూసలో వీడియోలు దింపుతున్నారనో యూట్యూబ్ మానిటైజేషన్ ఆపేస్తుంది. ఈ రెండో రకానికి 2025 జులైలో ఇన్ఆథెంటిక్ కంటెంట్ అని పేరు మార్చారు. రోజూ అదే ఎర్ర మిరపకాయల ఫొటో, అదే మ్యూజిక్, మీద రేట్ల పట్టిక మాత్రమే మారే ఛానల్స్ దీనికి సులువుగా దొరికిపోతాయి.

అప్పీల్‌కి 21 రోజుల గడువు ఉంటుంది. ఇందులో వీడియో అప్పీల్ పనికొస్తుంది. అదే ఛానల్‌లో అన్‌లిస్టెడ్‌గా, 5 నిమిషాల్లోపు ఉండాలి. మొదటి 30 సెకన్లలోనే ఛానల్ యూఆర్ఎల్ చూపించాలి. తర్వాత మనిషి కనిపించాలి: యార్డులో ఎవరిని అడిగి రేట్లు తెలుసుకుంటారు, ఎక్కడ షూట్ చేస్తారు, ఎడిటింగ్ ఎలా చేస్తారు అన్నది ఎడిటింగ్ స్క్రీన్‌తో సహా చూపించాలి. ఒక్క వీడియో గురించి కాదు, ఛానల్ మొత్తం గురించి చెప్పాలి. కుటుంబ కష్టాలు చెప్పుకుంటూ ఐదు నిమిషాలూ గడిపేస్తే చూసేవాడికి నిర్ణయం మార్చడానికి ఆధారం దొరకదు.

జవాబు సాధారణంగా 14 రోజుల్లో వస్తుంది. అప్పీల్ ఓడిపోయినా 90 రోజుల తర్వాత మళ్లీ అప్లై చేసుకోవచ్చు. ఈలోపు ఫొటో పట్టికల వీడియోలు ఆపి, యార్డులో నిలబడి కాయ చేతిలో పట్టుకుని చెప్పిన వీడియోలు పెడితే, రెండోసారి రివ్యూకి వచ్చేవాళ్లకి ఛానల్ పేజీలో మొదట కనిపించేవి అవే.