విరిచిన అక్షం, మాయమైన 250 టీఎంసీలు

వానాకాలం వచ్చిందంటే మన పత్రికల్లో జలాశయాల బొమ్మలు మొదలవుతాయి. వాటిలో ఒక చిన్న లెక్క తీసుకుందాం. శ్రీశైలం దిగువన, కృష్ణా నది మీదా దాని ఉపనది మూసీ మీదా ఉన్న నాలుగు కట్టడాల పూర్తి నిల్వ సామర్థ్యం ఇది: నాగార్జునసాగర్ 312.05 టీఎంసీలు, పులిచింతల 45.77, మూసీ ప్రాజెక్టు 4.46, ప్రకాశం బరాజ్ 3.07. టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగుల నీరు.

ఈ నాలుగింటినీ నిలువు కడ్డీలుగా గీయాలి. పేజీలో మనకు దొరికిన ఎత్తు 16 సెంటీమీటర్లు. ఒక సెంటీమీటరుకు 20 టీఎంసీలని అనుకుంటే సాగర్ కడ్డీ 15.6 సెంటీమీటర్లు వస్తుంది. పులిచింతల 2.3 సెంటీమీటర్ల దగ్గర ఆగుతుంది. మూసీ 2.2 మిల్లీమీటర్లు, ప్రకాశం బరాజ్ ఒకటిన్నర మిల్లీమీటర్లు. చివరి రెండూ కడ్డీల్లా ఉండవు, అచ్చులో పడిన మరకల్లా ఉంటాయి.

చిత్రకారుడికి ఇది నచ్చదు. పై అధికారికి అంతకన్నా నచ్చదు, ఎందుకంటే పేజీలో సగానికి పైగా ఖాళీగా కనిపిస్తుంది. అప్పుడు ఒక ఉపాయం తడుతుంది: సాగర్ కడ్డీని మధ్యలో కోసి, ఆ చోట మెలికల గీత ఒకటి పెట్టి, పక్కనున్న కొలతల గీతను, అంటే అక్షాన్ని, 50 దగ్గర ఆపి మళ్లీ 300 దగ్గర మొదలుపెట్టడం. దీన్నే విరిచిన అక్షం అంటారు. ఎక్సెల్‌లో దీనికి నేరుగా మీట లేదు. అయినా జనం ఆగరు. కడ్డీ మీద తెల్లటి దీర్ఘచతురస్రం ఒకటి అతికించి పని కానిస్తారు.

ఇప్పుడు సెంటీమీటరుకు 5 టీఎంసీలు పెట్టుకోవచ్చు. 0 నుంచి 50 వరకు 10 సెంటీమీటర్లు, మెలికకు ఒక సెంటీమీటరు, పైన 300 నుంచి 320 వరకు 4 సెంటీమీటర్లు. పులిచింతల దర్జాగా 9.2 సెంటీమీటర్లకు లేస్తుంది. మూసీ 9 మిల్లీమీటర్లు, ప్రకాశం బరాజ్ 6 మిల్లీమీటర్లు. సాగర్ మెలికతో కలిపి 13.4 సెంటీమీటర్లు. పేజీ నిండింది, అందరూ సంతోషించారు.

ఇక భాగహారం చేద్దాం. సాగర్ సామర్థ్యం పులిచింతలకు దాదాపు 6.8 రెట్లు. బొమ్మలో సాగర్ కడ్డీ పులిచింతల కడ్డీకి సుమారు ఒకటిన్నర రెట్లు మాత్రమే. మెలిక మింగేసినది 250 టీఎంసీలు. శ్రీశైలం పూర్తి సామర్థ్యమే దాదాపు 216 టీఎంసీలు. అంటే ఒక సెంటీమీటరు మెలికలో శ్రీశైలం మొత్తం పట్టి ఇంకా చోటు మిగిలింది. సాగర్‌కు తొలినాళ్లలో 408 టీఎంసీల సామర్థ్యం ఉండేది. దానిలోంచి సుమారు 96 టీఎంసీలు పోగొట్టడానికి పూడికకు దశాబ్దాలు పట్టింది. చిత్రకారుడు అంతకు రెండున్నర రెట్లు ఒక పూటలో తీసేశాడు.

మెలిక గీత పెట్టాం కదా, పాఠకుడు గమనించడా అనే వాదన ఉంది. కడ్డీ చిత్రంలో విలువను చెప్పేది కడ్డీ పొడవు. అందుకే దాని అక్షం సున్నా దగ్గర మొదలవ్వాలి, మధ్యలో తెగకూడదు. కన్ను ముందు పొడవులను పోల్చి తీర్పు ఇచ్చేస్తుంది, గుర్తులను తర్వాత చదువుతుంది. మెలిక గీత ప్రకటన కింద చిన్న అక్షరాల్లో వేసే ‘షరతులు వర్తిస్తాయి’ లాంటిది. అది ఉందని నిరూపించవచ్చు, చదివారని నిరూపించలేం.

ఇంతకన్నా లోతైన చిక్కు ఇంకొకటి ఉంది. పై ముక్కను 300 దగ్గర కాకుండా 290 దగ్గర మొదలుపెడితే సాగర్ కడ్డీ మరో 2 సెంటీమీటర్లు పెరుగుతుంది. 310 దగ్గర మొదలుపెడితే 2 సెంటీమీటర్లు తగ్గుతుంది. డ్యాములో నీటికి చోటు ఒక్క చుక్క కూడా మారలేదు. కాబట్టి ఆ కడ్డీ ఎత్తును నిర్ణయించేది సాగర్ కాదు, పేజీలో మిగిలిన స్థలం. అలాంటి ఎత్తుకు అర్థం వెతకడం వృథా.

విరవక తప్పని సందర్భాలుంటాయా? గణాంక చిత్రాలపై పరిశోధన చేసిన విలియం క్లీవ్‌లాండ్ 1985లో వచ్చిన తన పుస్తకంలో దీన్ని పూర్తిగా నిషేధించలేదు. విరవాల్సి వస్తే చిన్న మెలికతో సరిపెట్టకుండా బొమ్మను రెండు వేరు చట్రాలుగా విడదీయాలనీ, చీలికకు అటూ ఇటూ ఉన్న విలువలను గీతతో కలపకూడదనీ అన్నాడు. చుక్కలకు ఈ నియమం పాటించవచ్చు, ఎందుకంటే చుక్క తానున్న స్థానంతోనే విలువ చెబుతుంది. కడ్డీ మాత్రం సున్నా నుంచి తెగకుండా సాగాలి కనుక రెండు చట్రాల మధ్య బతకలేదు.

మరి నిజాయితీగా ఏం చేయాలి? మొదటి మార్గం ఏమీ చేయకపోవడం. 15.6 సెంటీమీటర్ల కడ్డీ పక్కన ఒకటిన్నర మిల్లీమీటర్ల మరక ఉంటే ఉండనివ్వండి, పక్కన 3.07 అని అంకె వేయండి. ప్రకాశం బరాజ్ నీటిని నిల్వ చేయడానికి కాదు, కాలువలకు మళ్లించడానికి కట్టినది. ఆ మరక ఆ సంగతిని చక్కగా చెబుతుంది. ఖాళీ కూడా సమాచారమేనని పై అధికారిని ఒప్పించడమే ఇందులో కష్టమైన భాగం.

చిన్నవాటి మధ్య తేడా కూడా చూపాలంటే రెండు బొమ్మలు వేయాలి. మొదటిదానిలో నాలుగూ అసలు కొలతలో ఉంటాయి. పక్కన చిన్న మూడింటినే పెద్ద కొలతలో, వాటి సొంత అక్షంతో, ‘సాగర్ లేకుండా’ అన్న శీర్షిక పెట్టి చూపాలి. సాగర్ కడ్డీ రెండో బొమ్మలోకి తొంగిచూడకూడదు. తొంగిచూసిందా, మళ్లీ విరిచిన అక్షమే.

స్థలం తక్కువైతే కడ్డీని కోయకుండా మడవవచ్చు. ఒక గడికి 3 టీఎంసీలు అనుకుంటే ప్రకాశం బరాజ్‌కు ఒక గడి, మూసీకి ఒకటిన్నర, పులిచింతలకు 15, సాగర్‌కు 104. వాటిని వరసకు పదేసి చొప్పున పేర్చితే సాగర్ పదిన్నర వరసల్లో ఇమిడిపోతుంది. ఒక్క టీఎంసీ కూడా దాచలేదు. కచ్చితమైన తేడాను కన్ను కాస్త తక్కువగా పసిగడుతుంది, అంతే.

లాగ్ స్కేలు అనే పరికరమూ ఉంది. అందులో ఒక్కో సమాన అంగ విలువను పది రెట్లు చేస్తుంది: 1, 10, 100, 1000. అంగకు 5 సెంటీమీటర్లు పెడితే ప్రకాశం బరాజ్ 2.4, మూసీ 3.2, పులిచింతల 8.3, సాగర్ 12.5 సెంటీమీటర్ల దగ్గర పడతాయి. కానీ ఇక్కడ కడ్డీలు గీయకూడదు, చుక్కలే పెట్టాలి. లాగ్ స్కేలులో సున్నాకు చోటే లేదు. కడ్డీ అడుగు ఎక్కడ పెట్టాలో గీసేవాడి ఇష్టమైపోతుంది. పైగా ఇలాంటి అక్షం చదవడం అలవాటు లేని పాఠకుడికి సాగర్ పులిచింతలకు ఒకటిన్నర రెట్లే అనిపిస్తుంది. మనం తప్పించుకోవాలనుకున్నది సరిగ్గా ఆ పొరపాటునే.

కొన్నిసార్లు అసలు ప్రశ్నే వేరుగా ఉంటుంది. ఆగస్టులో రైతు అడిగేది సాగర్ ఎంత పెద్దదని కాదు, ఎంత నిండిందని. అప్పుడు ప్రతి జలాశయానికీ నిండిన శాతం గీస్తే కడ్డీలన్నీ 0 నుంచి 100 లోపలే ఉంటాయి, కొయ్యాల్సిన పనే లేదు. అయితే శాతం పక్కన టీఎంసీలు కూడా రాయాలి. సగమే నిండిన సాగర్‌లో 156 టీఎంసీలుంటాయి, నిండుకుండలా తొణికే ప్రకాశం బరాజ్‌లో మూడు.

ఇకమీదట కడ్డీ నడుము మీద మెలిక గీత కనిపిస్తే అక్షం మీద అది ఏ అంకె దగ్గర తెగిందో, ఏ అంకె దగ్గర అతుక్కుందో చూడండి. తర్వాత పెద్ద విలువను చిన్న విలువతో భాగించండి. బొమ్మ చెప్పే నిష్పత్తి దానికి సరిపోకపోతే బొమ్మను పక్కనపెట్టి అంకెలనే చదువుకోండి.